మెథడాలజీ అధ్యాయంలో ‘నేను’ ఎక్కడ ఉండాలి? గుంటూరు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సోమవారం

మూడో అధ్యాయం, అంటే పరిశోధన పద్ధతి, గైడ్ మేడం దగ్గర నుంచి ఇవాళ తిరిగి వచ్చింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో పేజీ పేజీకీ ఒకటే ప్రశ్న: ‘ఎవరు?’ ‘సమాచారం సేకరించడం జరిగింది’ పక్కన ‘ఎవరు?’ అని ఉంది. ‘పదాలు వర్గీకరించబడ్డాయి’ పక్కనా అదే. చివరి పేజీ వెనక నాలుగు ముక్కలు రాశారు: “నేను అని రాయకూడదని మన శాఖలో రూలేమీ లేదు. అలాగని అంతటా నేను, నేను అని నింపకు. ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో నువ్వే తేల్చుకో. ఎందుకో కూడా నాకు చెప్పగలగాలి.”

థీసిస్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో కాయల తొడిమలు తీసే ఆడవాళ్లు పనిలో వాడే మాటలు, ఆ పని గురించి వాళ్లు చెప్పుకునే కబుర్లు. రాస్తున్నది తెలుగులోనే. ఇరవై ఇద్దరితో మాట్లాడి ఫోనులో రికార్డు చేసిన సంభాషణలు ఇందులో ముడిసరుకు.

ఈ రకం పనికి తెలుగులో మంచి సంప్రదాయమే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. అక్కడ పదం ఉంటుంది, అర్థం ఉంటుంది, ఏ ప్రాంతంలో అంటారో ఉంటుంది. ‘నేను’కు అక్కడ చోటు లేదు, అక్కర కూడా లేదు. నాగలిలో ఒక భాగాన్ని ఆ ఊళ్లో ఏమంటారో ఎవరు వెళ్లి అడిగినా దాదాపు అదే జవాబు వస్తుంది. నా అధ్యాయానికి ఆ ధోరణి అక్కడి నుంచే అబ్బింది. కానీ నా దగ్గర ఉన్నవి వట్టి పదాలు కావు, కబుర్లు. కబురు ఎవరితో చెబుతున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది. మేడం ప్రశ్నలో ఉన్న బలం ఇదేనని నాకు ఇవాళ సాయంత్రానికి అర్థమైంది.

మంగళవారం

ముందు లెక్క చూడాలనుకున్నాను. ఫైలు తెరిచి మూడు ముక్కలు వెతికించాను: `జరిగ`, `బడ`, `పరిశోధకు`. మొదటిది ‘జరిగింది’, ‘జరిగాయి’ రెంటినీ పట్టిస్తుంది. రెండోదాంట్లో పొల్లు ఎక్కువ వచ్చింది. ‘తెల్లబడిన కాయ’, ‘స్థిరపడిన’ లాంటివి చూడగానే ఒకేలా అనిపిస్తాయి కానీ, మొదటిది వెతుకులాటకు దొరుకుతుంది, రెండోది దొరకదు. దొరికిన ‘తెల్లబడిన’ కూడా కర్మణి కాదు, కాయే అలా అయింది. కాబట్టి ఒక్కొక్కటీ చదివి చూడాల్సిందే, ఒకేసారి మార్చేసే పని కాదు.

తేలిందేమిటంటే, ఈ అధ్యాయంలో చేసినవాళ్లను దాచే పద్ధతులు నాలుగున్నాయి. ‘సేకరించబడ్డాయి’ అనేది ఒకటి. ‘సేకరించడం జరిగింది’ రెండోది, ప్రెస్ నోట్ల నుంచి, ఆఫీసు ఉత్తరాల నుంచి మనందరికీ అంటుకున్నది. ‘పరిశోధకురాలు సేకరించింది’ మూడోది. ‘సేకరించాం’ నాలుగోది, ఒక్క మనిషి చేసిన పనికి బహువచనం.

మూడోది నిజానికి దాచడం కాదు కదా అని కాసేపు వాదించుకున్నాను. కానీ నా అధ్యాయంలోనే ఒక పేరాలో, ఇంతకు ముందు పల్నాడులో పొలం పనుల మాటలు సేకరించిన ఒకావిడ పద్ధతి గురించి చెప్పి, వెంటనే ‘పరిశోధకురాలు ప్రశ్నావళి వాడలేదు’ అని ఉంది. ఆవిడా, నేనా? చదివేవాళ్లు ఆగి వెనక్కి వెళ్లాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల శైలి నియమావళి కూడా ఈ కారణమే చెబుతుంది. మీరు చేసిన పని గురించి చెప్పేటప్పుడు మిమ్మల్ని మీరు మూడో మనిషిగా పిలుచుకోవద్దు, ఒక్కరే రాస్తే ఏకవచనంలో, కలిసి రాస్తే బహువచనంలో చెప్పండి అంటుంది. మన థీసిస్‌లు ఆ నియమావళికి కట్టుబడాలని ఏమీ లేదు. కానీ అస్పష్టత అన్న కారణం తెలుగుకీ అంతే వర్తిస్తుంది.

నాలుగోదాంతో చిక్కు ఇంకా ఎక్కువ. రికార్డింగుల్లో కొన్నిటిని కాగితం మీదికి ఎక్కించింది విజయవాడలో ఉండే నా స్నేహితురాలు. అలాంటప్పుడు ‘లిప్యంతరీకరించాం’ అని ఉంటే ఇద్దరం కలిసి కూర్చుని చేశామనుకుంటారు. గౌరవానికి వాడిన బహువచనాన్ని లెక్కకు వాడిన బహువచనంగా తీసుకుంటారు.

రాత్రి ఒక పరీక్ష రాసి పెట్టుకున్నాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అడగాల్సింది ఇది: నా బదులు ఇంకొకరు ఈ పని చేసి ఉంటే ఇదే వచ్చేదా? వచ్చేదైతే నేను ఆ వాక్యంలో అక్కర్లేదు. రాకపోయేదైతే నేను కనిపించి తీరాలి, ఎందుకంటే చదివేవాళ్లు ఆ సమాచారాన్ని తూచాలంటే నేనెవరో తెలియాలి.

బుధవారం

సులువైనవి ముందు. యార్డు ఎక్కడుంది, గోడౌన్లు ఎలా ఉంటాయి, కాయ ఏ నెలల్లో వస్తుంది, మిర్చి బస్తాలను, అంటే టిక్కీలను ఎలా దించుతారు, తొడిమ తీసినందుకు కిలో లెక్కన కూలి ఎలా కడతారు. ఈ భాగంలో ‘నేను’ ఒక్కటీ పెట్టలేదు. ఎవరు వెళ్లి చూసినా అదే కనిపిస్తుంది. అలాగని ‘దించబడతాయి’ అని ఉంచాల్సిన అవసరమూ లేదు. మనం రోజూ మాట్లాడేటప్పుడు ‘దించుతారు’, ‘కడతారు’, ‘అంటారు’ అంటాం. ఎవరన్నది ముఖ్యం కానప్పుడు తెలుగు వాడే సహజమైన రూపం ఈ ‘తారు’. ‘బడు’ వాక్యాలన్నీ ఇలా మార్చేసరికి పేజీ తేలికపడింది.

ఒక్క చోట మాత్రం ఆగాను. ‘రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు’ అన్న వాక్యం. ఇది వర్ణన భాగంలో ఉంటే సరే, అందరూ అనే మాటే. పదాల మీద రాసే థీసిస్‌లో మాత్రం ‘అంటారు’ అనే క్రియ జాగ్రత్తగా వాడాలి. అందరూ అంటారా, కొందరా, ఒక్క గోడౌన్‌లోనా? అలాంటి చోట ‘మాట్లాడిన ఇరవై ఇద్దరిలో ఇంతమంది అన్నారు’ అని రాసుకోవాలని పక్కన గుర్తు పెట్టుకున్నాను.

గురువారం

ఇవాళంతా ఒక్క పేరాతోనే గడిచింది. గడవాల్సిన పేరానే. పాతది ఇలా ఉంది:

‘పాల్గొన్నవారిని ఉద్దేశపూర్వక నమూనా పద్ధతిలో ఎంపిక చేయడం జరిగింది. వివిధ వయసులవారికి, అనుభవం ఉన్నవారికి ప్రాతినిధ్యం కల్పించబడింది.’

మొదట చేయి తిన్నగా ‘ఎంపిక చేశాను’, ‘కల్పించాను’ అని మార్చేయడానికి వెళ్లింది. రాశాక నోట్‌బుక్ తెరిచి, మొదటివాళ్లతో మాట కలిసిన రోజుల పేజీలు చదివాను. అక్కడ ఉన్నది వేరే కథ. గోడౌన్‌లోకి నన్ను తీసుకెళ్లింది ముఠా మేస్త్రి. ఆవిడే ‘ఈ పిల్లతో మాట్లాడు, ఆ పిల్ల సిగ్గుపడదు’ అని ఆరుగురిని చూపించింది. ఆ ఆరుగురూ ఆవిడ ముఠాలో పాతవాళ్లే, మాటకారులే. తర్వాత వాళ్ల మాటలు విన్నాక, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లెవరూ లేరని తెలిసింది. అప్పుడు నేను వెతుక్కుంటూ వెళ్లింది మిగతావాళ్ల కోసం.

అంటే ‘జరిగింది’ వెనక ఉన్నది నేనొక్కదాన్నే కాదు. ‘జరిగింది’ తీసేసి ‘చేశాను’ పెడితే వాక్యం చక్కగా ఉంటుంది కానీ నిజం కాదు. క్రియకు కర్తను వెతకడమంటే ప్రతిచోటా నన్ను నేను కూర్చోబెట్టడం కాదని ఈ పేరాతో గట్టిగా తెలిసింది. కొత్తది ఇలా రాశాను:

‘మొదటి ఆరుగురిని ముఠా మేస్త్రి చూపించింది. వీళ్లంతా ఆమె ముఠాలో చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు. వాళ్ల సంభాషణలు విన్న తర్వాత, పనిలో కొత్తగా చేరినవాళ్లు, వేరే జిల్లాల నుంచి సీజన్‌కు వచ్చేవాళ్లు లేరని గమనించి, మిగతా పదహారు మందిని నేను ఎంచుకున్నాను. వాళ్లలో తొమ్మిది మంది వేరే ముఠాల్లో పనిచేసేవాళ్లు.’

ఈ రెండు వాక్యాలు విడిపోగానే ఇంకో పని కూడా మీద పడింది. మొదటి ఆరుగురి ఎంపికను ‘ఉద్దేశపూర్వక’ అనడానికి వీల్లేదు, ఉద్దేశం నాది కాదు గనక. లోపలికి దారి ఇచ్చిన మనిషి ద్వారా వచ్చినవాళ్లు అని వేరుగా చెప్పాలి. ఫలితాల అధ్యాయంలో మేస్త్రి గురించి మంచిగా మాట్లాడినవాళ్లు ఎక్కువమంది ఈ ఆరుగురిలోనే ఉన్నారు. ఆ సంగతి చదివేవాళ్లకు ఇప్పుడు ఇక్కడే తెలుస్తుంది. పాత పేరా చదివినవాళ్లకు అది తెలిసే దారే లేదు.

‘వయసులవారికి ప్రాతినిధ్యం’ వాక్యం తీసేసి వయసుల పట్టిక పెట్టాను. పట్టికకు నేను అక్కర్లేదు.

శుక్రవారం

సమ్మతి గురించిన పేరా. పాత వాక్యం: ‘పాల్గొన్న వారందరి నుంచి సమ్మతి తీసుకోవడం జరిగింది.’ ఇది ప్రతి థీసిస్‌లోనూ కనిపించే వాక్యం, అందుకే ఎవరూ ఆగి చదవరు.

‘సమ్మతి తీసుకున్నాను’ అని రాసి చూశాను. విచిత్రంగా, అలా రాయగానే వాక్యం అసంపూర్తిగా అనిపించింది. ఒక మనిషి తీసుకుంది అనగానే ఎలా తీసుకుంది, ఎవరి ఎదుట, ఏం చెప్పి అన్నవి అడగాలనిపిస్తుంది. ‘జరిగింది’ అంటే ఆ ప్రశ్నలు లేవవు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను:

‘సమ్మతి పత్రాన్ని నేనే చదివి వినిపించాను, చదువు రానివాళ్లు ఎక్కువమంది ఉన్నందున. రికార్డింగ్ మొదట్లోనే వాళ్లు సరే అన్న మాట నమోదైంది. నలుగురి విషయంలో మేస్త్రి పక్కనే ఉంది. ఆ నలుగురినీ తర్వాత ఇంటి దగ్గర విడిగా కలిసి, వద్దనుకుంటే రికార్డింగ్ తీసేస్తానని మళ్లీ అడిగాను. ఒకరు తీసేయమన్నారు, తీసేశాను. ఆమె ఈ ఇరవై ఇద్దరిలో లేరు.’

ఇందులో ‘నమోదైంది’ అని ఉంచాను. ఫోను రికార్డు చేసింది, అక్కడ నేను చేసిందేమీ లేదు. ‘నేనే చదివి వినిపించాను’లో మాత్రం ‘నేనే’ తప్పనిసరి. కారణం, పల్నాడు వైపు నుంచి వచ్చిన కొందరికి నా ఉచ్చారణ, మాట తీరు దగ్గరగా అనిపించాయి. వేరే ఎవరో మైకులో చదివినట్టు చదివి ఉంటే వాళ్లు సరే అనేవాళ్లో కాదో.

ఆరోగ్య పరిశోధనల్లో ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు 2007లో వచ్చిన ఒక చెక్‌లిస్టు ఉంది, పేరు కోరెక్. ముప్పై రెండు అంశాలు. అందులో మొదటి భాగమంతా పరిశోధకుల గురించే. ఇంటర్వ్యూ చేసిందెవరు, చదువేమిటి, ఆడా మగా, పాల్గొన్నవాళ్లతో ముందే పరిచయం ఉందా, వాళ్లకు మీ గురించి ఏం తెలుసు. నా విషయం ఆరోగ్యం కాకపోయినా ఆ ప్రశ్నలకు జవాబులు రాసి చూసుకున్నాను. ‘పరిశోధకురాలు’ అని రాస్తే ఈ జవాబులు ఎవరి గురించో చెబుతున్నట్టుంటాయి. ‘నేను’తో రాస్తే సూటిగా పూర్తవుతాయి.

శనివారం

నా గురించిన పేరా. మా అమ్మ పెళ్లికి ముందు, తర్వాత కూడా కొన్నేళ్లు ఈ పనికే వెళ్లింది. నేను చిన్నప్పుడు ఆవిడ వెంట గోడౌన్‌కి వెళ్లి, ఘాటుకు తుమ్ముతూ గుమ్మంలో కూర్చున్నదాన్ని. పాత డ్రాఫ్టులో ఇది ‘పరిశోధకురాలికి ఈ వృత్తితో కుటుంబ సంబంధం కలదు’ అని ఒక్క వాక్యంగా ఉంది. ఆ ఒక్క వాక్యమూ ఎక్కడో పద్ధతులన్నీ అయిపోయాక, పరిమితుల కింద ఉంది.

దాన్ని ముందుకు తెచ్చాను. ఎంపిక గురించి చెప్పకముందే. కానీ ఎంత రాయాలి? ఒక దశలో రెండు పేజీలు అయింది, అమ్మ చేతుల మంట, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకోవడం, అంతా వచ్చేసింది. మంగళవారం రాసుకున్న పరీక్షనే దీనికీ పెట్టాను. ఈ వివరం తెలిస్తే చదివేవాళ్లు నా సమాచారాన్ని వేరుగా తూస్తారా? చేతుల మంట విషయం అందుకు పనికిరాదు. ‘ఫలానా ఆమె కూతురు’ అని తెలియగానే పెద్దవాళ్లు నన్ను ‘మన పిల్ల’ అని పిలిచి, ఇంటర్వ్యూలు కావాల్సినంత సేపు మాట్లాడారు. కానీ వాళ్లే కొన్ని మాటలకు అర్థం చెప్పకుండా ‘నీకు తెలుసుగా’ అని దాటేశారు. ఈ రెండూ కచ్చితంగా సమాచారాన్ని మార్చాయి. అవి ఉంచి మిగతాది తీసేశాను. బాధగానే ఉంది, కానీ అది వేరే చోట రాసుకోవాల్సింది.

సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గుర్తొచ్చారు. 1948లో మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఆయన చేసిన క్షేత్రపరిశోధన నుంచి ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1976లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది రిమెంబర్డ్ విలేజ్’ ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడింది, ఆ సంగతి పేరులోనే తెలుస్తుంది. అక్కడ ‘నేను గుర్తుంచుకున్నది’ అన్నది శైలి కోసం పెట్టుకున్నది కాదు, మూలం ఏమిటో చెప్పడం. నా పేరాకు కూడా అంతే పని పెట్టాలనుకున్నాను.

తెలుగులో ఒక వెసులుబాటు ఉంది, ఇవాళ దాన్ని బాగా వాడుకున్నాను. క్రియే కర్తను చెప్పేస్తుంది. ‘అడిగాను’, ‘విన్నాను’ అంటే చాలు, ముందు ‘నేను’ అక్కర్లేదు. ప్రతి వాక్యం ‘నేను’తో మొదలైతే మేడం చెప్పినట్టు పేజీ నిండిపోతుంది. అందుకే ‘నేను’ అన్న మాటను రెండు చోట్లే ఉంచాను. పేరాలో మొదటిసారి నా ప్రస్తావన వచ్చినప్పుడు ఒకటి, మేస్త్రో నా స్నేహితురాలో చేసిన పని పక్కన నాది వేరు చేసి చెప్పాల్సినప్పుడు మరొకటి. మిగతా చోట్ల ‘ను’ చివర ఉంటే సరిపోయింది. మూడో మనిషి దగ్గర మాత్రం ఈ వెసులుబాటు లేదు. ‘రాసింది’ అంటే మేస్త్రీ కావచ్చు, స్నేహితురాలూ కావచ్చు. అక్కడ ఎవరో చెప్పి తీరాలి.

ఆదివారం

కాగితం మీదికి ఎక్కించడం, వర్గీకరించడం. ఈ రెండూ ఒకే పేరాలో ‘లిప్యంతరీకరించి వర్గీకరించాం’ అని కలిసి ఉన్నాయి. విడదీశాను. ఇరవై రెండు సంభాషణల్లో పద్నాలుగు నేను ఎక్కించాను, ఎనిమిది స్నేహితురాలు ఎక్కించింది. ఆమె కృష్ణా జిల్లా మనిషి. పల్నాడు వైపు మాటల్లో కొన్నిటిని తనకు అలవాటైన రూపంలోకి మార్చి రాసిందేమోనన్న అనుమానం ఉంది. ఉచ్చారణ మీద ఆధారపడే థీసిస్‌లో ఇది చిన్న విషయం కాదు. ఫోను చేసి అడిగాను.

“నువ్వు ఎక్కడైనా సరిదిద్దావా?”

“సరిదిద్దాలని కాదు, వినపడినట్టే రాశాను. కానీ నాకు వినపడింది మా వైపు మాటలా వినపడి ఉంటుంది, చెప్పలేను.”

దాంతో ఆ ఎనిమిదీ మళ్లీ వింటూ పోల్చాలని నిర్ణయించి, పేరాలో ఉన్నది ఉన్నట్టు రాశాను: ‘ఎనిమిది సంభాషణలను మరొకరు ఎక్కించారు. వాటిని రికార్డింగ్‌తో పోల్చి నేను సరిచూశాను. తేడా వచ్చిన చోట రికార్డింగ్‌నే ప్రమాణంగా తీసుకున్నాను.’ పోల్చడం పూర్తయ్యాకే ఈ మూడు వాక్యాలు ఫైలులో నిలుస్తాయి, అంతవరకు పసుపు రంగు పెట్టాను.

వర్గీకరణ దగ్గర అసలు చిక్కు ఉంది. పాత వాక్యం ‘పదాలను అర్థాన్ని బట్టి వర్గీకరించడం జరిగింది’. కాయ పేర్లు, పనిముట్ల పేర్లు, కూలి లెక్కల మాటలు ఎవరు వర్గీకరించినా అదే పెట్టెలో పడతాయి. అక్కడ నేను అక్కర్లేదు. కానీ ఒక ఉదాహరణ తీసుకుని లోతుకు వెళ్లాను. తూకం దగ్గర గొడవ అయ్యాక ఒకావిడ ‘ఇవాళ పొద్దున్నించి అన్నీ తాలు మాటలే’ అంది. స్నేహితురాలు దీన్ని తిట్టు కింద పెట్టింది. నేను ఎగతాళి కింద పెట్టాను, మా అమ్మ నోట ఆ వరస మాట విన్నదాన్ని గనక. ఇద్దరిలో ఎవరిది సరి అని తేల్చే ఆధారం వాక్యంలో లేదు.

ఆ క్లిప్పు తీసుకుని ఆవిడ దగ్గరకే వెళ్లాను. విని నవ్వింది. “తిట్టూ కాదు, ఎకసెక్కమూ కాదమ్మా. తాలు కాయ చూస్తే కాయలానే ఉంటది, తూకంలో నిలవదు. వాడి మాటా అంతే.” అంటే ఆమె దృష్టిలో అది మాటకు విలువ కట్టడం. కాయకు గ్రేడు కట్టినట్టే. నా రెండు పెట్టెల్లోనూ అది ఇమడలేదు, మూడోది తెరిచాను.

ఈ ఉదాహరణ అంతా పద్ధతి అధ్యాయంలోకి తెచ్చాను, ఫలితాల్లోకి కాదు. అర్థం ఎలా నిర్ణయించానో చెప్పాల్సిన చోటు ఇదే. ఇక్కడ ఉత్తమ పురుష లేకుండా రాయడం కుదరదు: ‘ఈ వాక్యాన్ని మొదట ఎగతాళిగా గుర్తించాను. ఈ నిర్ణయానికి ఆధారం ఇంట్లో విన్న వాడుక. మాట్లాడిన ఆమెకు క్లిప్పు వినిపించి అడిగినప్పుడు ఆమె వేరే వివరణ ఇచ్చింది. ఆ వివరణనే తీసుకున్నాను. ఇలా తిరిగి అడగగలిగినవి ఈ అధ్యయనంలో కొన్నే. మిగతావాటికి నా నిర్ణయమే ఆధారం.’ చివరి వాక్యం పరీక్షకులకు నచ్చకపోవచ్చు. కానీ ‘వర్గీకరించబడ్డాయి’ అని రాసినా ఆధారం నా నిర్ణయమే, అప్పుడు అది కనిపించదు, అంతే.

సోమవారం

ఇప్పుడు ఎదురు దిశలో వెతికాను. `ను.` అని, చుక్కతో కలిపి. మామూలు తెలుగు గద్యంలో చుక్కకు ముందు ‘ను’ వస్తే అది చాలావరకు ఉత్తమ పురుష క్రియే. వాక్యం మధ్యలో ఉన్నవి తప్ప, కొత్తగా వచ్చిన ‘నేను’లు ఇలా ఒకచోట చూడొచ్చు.

వీటిలో తీసేయాల్సినవి కొన్ని తేలాయి. ‘ఈ పద్ధతి సరైనదని భావించాను.’ భావించడం పద్ధతి కాదు. ఎందుకు సరైనదో కారణం రాసి ‘భావించాను’ కొట్టేశాను: ‘రాత ప్రశ్నావళి ఇవ్వలేదు, పాల్గొన్నవాళ్లలో సగానికి పైగా చదవలేరు.’ ఇంకోటి వెతుకులాటకు దొరకలేదు, చదువుతుంటే కనిపించింది: ‘వాళ్లు స్వేచ్ఛగా మాట్లాడారని అనిపించింది.’ అనిపించడానికి ఆధారం ఏమిటి? నోట్‌బుక్ చూస్తే, మేస్త్రి వెళ్లిపోయాక మాటలు పొడుగయ్యాయని, కూలి సంగతి అప్పుడే మొదలెట్టారని ఉంది. అది రాశాను, ‘అనిపించింది’ పోయింది. ఉత్తమ పురుష వాడుతున్నాం కదా అని అభిప్రాయాలకు దారి ఇస్తే మేడం ‘ఎవరు?’ బదులు ‘ఎలా తెలుసు?’ అని రాస్తారు.

‘మనం’ కూడా రెండు చోట్ల దొరికింది. ‘ఇక్కడ మనం గమనించాల్సింది’ అనేది తీసేశాను, గమనించినది నేను. ‘పైన చూసిన తాలు ఉదాహరణలో మనకు మూడు అర్థాలు కనిపిస్తాయి’ అనేది ఉంచాను. అక్కడ చదివేవాళ్లు నిజంగానే ఆ ఉదాహరణను నాతో కలిసి చూస్తున్నారు. ‘మేము’ మాత్రం మొత్తం అధ్యాయంలో ఒక్కటీ మిగలలేదు.

బుధవారం

మేడంకి చూపించాను. ఎంపిక పేరా రెండుసార్లు చదివారు.

“మేస్త్రి చూపించింది అని రాస్తే బయటి పరీక్షకులు పట్టుకుంటారని భయం లేదా?”

“పట్టుకోవచ్చు మేడం. పట్టుకునేది ఆరుగురి విషయంలోనే. పాత పేరా ఉంటే ఇరవై ఇద్దరి మీదా అనుమానం వస్తుంది.”

“సరే. అయితే ఫలితాల్లో ఆ ఆరుగురి మాటలకు గుర్తు పెట్టు. ఇక్కడ చెప్పి అక్కడ మర్చిపోతే లాభం లేదు.”

సారాంశం పేజీ గురించీ అడిగాను. అది ఒక పేజీయే, అందులో నిర్ణయాల వివరాలు ఉండవు కాబట్టి ‘ఈ అధ్యయనం ఇరవై ఇద్దరి సంభాషణలను పరిశీలిస్తుంది’ అన్న ధోరణిలో ఉంచమన్నారు. అధ్యయనం పరిశీలించదు కదా అన్నాను. “సారాంశంలో అందరూ అలాగే రాస్తారు, అక్కడ ఎవరూ మోసపోరు. నీ బలం మూడో అధ్యాయం మీద పెట్టు” అన్నారు. నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు గానీ, మేడం చెప్పింది ఆ పేజీ వరకు సరిపోతుంది.

మిగిలినవి రెండు. స్నేహితురాలు ఎక్కించిన ఎనిమిదిటిలో మూడు పోల్చడం అయింది. రెండు చోట్ల తను మార్చిన మాటలు దొరికాయి, ‘ఉంటది’ని ‘ఉంటుంది’గా. అది ఉచ్చారణ పట్టికను ముట్టుకుంటుంది, అంచేత మిగతా ఐదూ పూర్తయ్యాకే పట్టిక తిరగరాయాలి. రెండోది, ఆరుగురి సంభాషణల్లోని ఉటంకింపులకు నాలుగో అధ్యాయంలో నక్షత్రం గుర్తు పెట్టడం. ఇవాళ రాత్రి నుంచి మొదలు.